భగ్గున, భగభగా: నిఘంటువుకు చిక్కని మాటలు

పండగల ముందు పత్రిక తెరిస్తే ఒక శీర్షిక తరచు కనిపిస్తుంది: ధరలు భగ్గుమన్నాయి. మరికొన్నాళ్ళకు ఇంకో శీర్షిక వస్తుంది: ధరల భగభగ. రెండింటిలోనూ ఉన్నది మంటే. కానీ తెలుగు చదివేవారెవరూ ఈ రెండింటినీ ఒకటిగా తీసుకోరు. మొదటిది చదవగానే నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ధర ఒక్కసారిగా ఎగిసిందని తెలుస్తుంది. రెండోది చదివితే ఎగిసిన ధర కొన్నాళ్ళుగా దిగడం లేదని తెలుస్తుంది. ఆ తేడా మనకెవరూ నేర్పలేదు. బళ్ళో వ్యాకరణం పాఠంలోనూ లేదు. నిఘంటువు తెరిస్తే అక్కడా సాధారణంగా ఉండదు. ‘భగభగ’ దగ్గర మంట మండేటప్పటి ధ్వన్యనుకరణమనీ, ‘భగ్గు’ దగ్గర దాదాపు అదే మాటా కనిపిస్తాయి.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ జాతి మాటల గురించే. వీటిని ధ్వన్యనుకరణ పదాలంటాం. వీటికి దగ్గరి చుట్టాలు మరికొన్ని ఉన్నాయి: పులీ గిలీ, కాఫీ గీఫీ, పుస్తకాలు గిస్తకాలు. వీటిని ప్రతిధ్వని పదాలంటారు. ఇవి రెండూ నోటికొచ్చినట్టు చేసే చప్పుళ్ళు కావు. వీటికి గట్టి వ్యాకరణం ఉంది. ఆ వ్యాకరణాన్ని పట్టించుకోకుండా ఒక్కో మాటనూ విడిగా పేర్చడం వల్లే మన నిఘంటువులు వీటి దగ్గర తడబడుతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు భగ్గు, భగభగల సంగతి చూద్దాం. ‘ఎండుగడ్డి భగ్గున అంటుకుంది’ అంటాం. ‘ఎండుగడ్డి గంటసేపు భగ్గున మండింది’ అని మాత్రం అనం. గంటసేపు మండితే అది భగభగా మండినట్టే. అంటే ‘భగ’ అనే మూలం ఒకటే. దాని చివరి హల్లును ద్విత్వం చేస్తే ఒక్క దెబ్బ, మూలాన్నే మరోసారి అంటే ఆగకుండా సాగే పని. ఈ అచ్చులో పోతపోసిన జతలు తెలుగులో కోకొల్లలు. బస్సు టక్కున ఆగుతుంది, చెప్పులు టకటకలాడతాయి. పాము సర్రున జారిపోతుంది, సరసరా పాకుతుంది. పడిన నాణెం గల్లుమంటుంది, జేబులో నాణేలు గలగలమంటాయి.

ద్విత్వం ఒక్కటే దారి కాదు. మూలానికి ‘ఉక్కు’ చేర్చి కూడా ఒక్క దెబ్బను చెబుతాం. కోపం వచ్చినవాడు పళ్ళు పటపటా కొరుకుతాడు, వక్కముక్కను మాత్రం పటుక్కున కొరుకుతాడు. మూడో దారి ‘ఆలు’. ఆలస్యమైనవాడు గబగబా నడుస్తాడు, ఉలిక్కిపడినవాడు గభాలున లేస్తాడు. ‘గబగబా లేచాడు’ అన్నా తప్పులేదు గానీ అప్పుడు కథ మారిపోతుంది. గభాలున లేచినవాడు తన ప్రమేయం లేకుండా లేచాడు. గబగబా లేచినవాడికి వెళ్ళాల్సిన పనేదో ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి నన్ను చాలాకాలంగా ఆకట్టుకుంటోంది. వెలుగును చెప్పే మాటలు చూడండి: తళతళ, మిలమిల, నిగనిగ. వీటిలో తళతళకు ‘తళుక్కు’ ఉంది. మెరుపు తళుక్కుమంటుంది, సినిమాలో ఒక్క సన్నివేశానికి వచ్చిన తార కూడా తళుక్కుమంటుంది. మరి నిగనిగకు? ‘నిగుక్కు’ అని ఎవరూ అనరు. ‘నిగ్గున’ అని కూడా అనరు. ఎందుకంటే నిగనిగ అనేది నూనె పట్టిన జుట్టుకో, పండిన నేరేడుపండుకో అంటిపెట్టుకుని ఉండే మెరుపు. అది ఒక్క క్షణంలో పుట్టి పోయేది కాదు. ఒక్క దెబ్బలో జరగనిదానికి భాష ఒక్క దెబ్బ రూపాన్ని ఇవ్వలేదు. ఇంత కచ్చితంగా నడిచేదాన్ని చప్పుళ్ళ కుప్ప అని ఎలా అంటాం?

ఇప్పుడు నవ్వుల దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళు నవ్వును ఎన్ని రకాలుగా నవ్వుతారో ఈ మాటలే చెబుతాయి. ముసిముసి, కిసకిస, కిలకిల, గలగల, పకపక. మామూలు నిఘంటువులో ఈ అయిదింటికీ సుమారుగా ఒకే వివరణ దొరుకుతుంది: నవ్వేటప్పటి ధ్వన్యనుకరణం. ఆ వివరణతో తెలుగు కొత్తగా నేర్చుకున్నవారు ఒక కథ రాశారనుకోండి. అందులో పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషి కిలకిలా నవ్వుతాడు, తల వంచుకుని కూర్చున్న అమ్మాయి పకపకా నవ్వుతుంది. వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు. నిఘంటువు ప్రకారం అర్థదోషమూ లేదు. అయినా కథ అంతా తారుమారైపోయింది.

ఒక్కొక్కటీ దగ్గరగా చూద్దాం. ముసిముసి నవ్వులో పెదవులు విడవవు. చప్పుడే లేదు. లోపలి సంతోషాన్ని దాచుకోబోయినప్పుడు వచ్చే నవ్వది. దీని వ్యాకరణం కూడా వేరు. మిగతావాటికి చివర దీర్ఘం వస్తుంది, కిలకిలా, పకపకా అని. దీనికి మాత్రం ‘గా’ రావాలి, ముసిముసిగా నవ్వుకుంది అంటాం. ‘నవ్వుకుంది’ అని కూడా గమనించండి. ఆ నవ్వు ఎదుటివారి కోసం కాదు.

కిసకిసలో నవ్వును ఆపుకునే ప్రయత్నం ఉంది. తరగతి గదిలో మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడు వెనక బెంచీలో వినిపించేది ఇదే. ఆపుకోవడం కుదరక ఒక్కసారి బయటపడితే అది కిసుక్కున నవ్వడం. కిలకిలలో గొంతు సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. పిల్లలు, పడుచుపిల్లలు, పిట్టలు కిలకిలమంటారు. గుబురు మీసాల పెద్దాయన కిలకిలా నవ్వాడని రాస్తే చదివేవారు ఒక్క క్షణం ఆగి మళ్ళీ చూసుకుంటారు. గలగలలో అడ్డూ ఆపూ లేని ప్రవాహం ఉంది. అందుకే అది నవ్వుకే కాదు, మాటకూ వస్తుంది. ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంది అంటే మెచ్చుకోలు. దాన్ని లొడలొడా మాట్లాడుతుంది అని మార్చితే విసుగు. పకపకలో నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, ఎవరేమనుకుంటారన్న బెరుకు ఉండదు. ఇక ఫక్కున నవ్వడం అంటే నవ్వకూడని చోట నవ్వు తన్నుకురావడం.

ఈ వరసలో ఇంకొకటి వినండి. నోరు మూసుకున్న నవ్వుల్లో, సన్నని నవ్వుల్లో ఇకారం ఉంది: ముసి, కిస, కిల. నోరు తెరిచిన నవ్వుల్లో అకారం ఉంది: గల, పక. ఇకారం పలికేటప్పుడు పెదవుల మధ్య సందు తక్కువ, అకారానికి దవడ కిందికి దిగుతుంది. మాట పలకడానికి నోరెంత తెరుస్తామో ఆ నవ్వులోనూ దాదాపు అంతే తెరుస్తాం. దీన్ని నేను నియమమని చెప్పడం లేదు. జనంతో కిటకిటలాడిన తిరునాళ్ళలో ఇకారమే ఉంది, అక్కడ చిన్నదేమీ లేదు. కానీ చిటచిట అన్నప్పుడు చిన్న నిప్పురవ్వలు, పటపట అన్నప్పుడు అంతకంటే పెద్దవి పేలినట్టు తోచడం కూడా అబద్ధం కాదు.

ముసిముసికి చప్పుడు లేదన్నాను కదా. అలాంటివి చాలా ఉన్నాయి. అసలు ధ్వన్యనుకరణం అన్న పేరే ఇక్కడ సరిపోదు. ఆస్పత్రిలో రోగి చెప్పే మాటలు వినండి. కాలు జివ్వుజివ్వున లాగుతోంది. పుండు చిమచిమలాడుతోంది. పొద్దుటి నుంచి ఏమీ తినక కడుపు నకనకలాడుతోంది. వేడి గిన్నె తగిలి వేలు చుర్రుమంది. ఈ నాలుగింట్లోనూ చెవికి వినిపించేది ఏదీ లేదు. ఒంటికి తెలిసేదాన్ని చప్పుడు మాటల అచ్చులోనే పోశాం. జివ్వున లాగే నొప్పి లోపల నరం వెంట సాగుతుంది, వచ్చి పోతుంటుంది. చిమచిమ చర్మం మీద, పైపైన ఉంటుంది, గీరుకుపోయిన చోట మందు పడ్డప్పటిలా. చుర్రుమనడం తగిలిన క్షణంలో పుట్టేది. వైద్యుడు రోగిని అడిగి తెలుసుకోవాల్సినవి ఇవే కదా: నొప్పి ఎక్కడ, లోపలా పైనా, ఒక్కసారా ఆగకుండానా. రోగి ఆ జవాబును ఒక్క మాటలో ముందే చెప్పేశాడు. పట్నంలో ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకుని పల్లె ఆస్పత్రికి వచ్చిన కుర్ర డాక్టరుకు ఆ మాట తెలియకపోతే నిఘంటువైనా చెప్పాలి. అక్కడ ‘చిమచిమ’ ఎదురుగా ‘ధ్వన్యనుకరణం’ అని ఉంటే అది సాయం కాదు, పొరపాటు సమాచారం.

నిఘంటువులు ఎక్కడ జారుతున్నాయో ఇప్పుడు కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదటిది అక్షరక్రమం. అచ్చతెలుగు మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలు ఉండవని మన వ్యాకరణాలు చెబుతాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు చెప్పిన 36 వర్ణాల్లో ఇవి లేవు. యాభై, ఎనభై లాంటి అంకెల మాటలను పక్కన పెడితే అచ్చతెలుగులో ఒత్తులు విరివిగా వినిపించేది ఈ చప్పుడు మాటల్లోనే. గజ్జెలు ఘల్లుమంటాయి, చెట్టు ఫెళఫెళా విరుగుతుంది, గుండె ఝల్లుమంటుంది, నగారా ఢమఢమా మోగుతుంది. ఇక్కడ ఒత్తు అనేది వేరే అక్షరం కాదు, బలం. గలగలను గట్టిగా అంటే ఘలఘల, టక్కునను గట్టిగా అంటే ఠక్కున. చెప్పేవారి ఊపును బట్టి ఒత్తు వస్తుంది, పోతుంది. కానీ అక్షరక్రమంలో పేర్చిన పుస్తకంలో గకారం మొత్తం, అంటే గంగ దగ్గర్నుంచి గ్రహణం దాకా అన్నీ అయిపోయాక గానీ ఘకారం రాదు. ఒకే కుటుంబంలోని గలగల ఒకచోట, ఘల్లు ఎన్నో పుటల అవతల ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి దారి చూపే మాట తరచు ఉండదు.

రెండోది, ఆధారం ఎక్కణ్ణుంచి తీసుకున్నారన్న సంగతి. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరం గానీ, పిఠాపురం మహారాజు పోషణలో జయంతి రామయ్య పంతులు పూనికతో 1936 నుంచి సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ ప్రధానంగా కావ్యభాష మీద నిలబడ్డవి. ఆ పండితులు చేసిన శ్రమకు చేతులెత్తి దండం పెట్టాలి. కవులు వాడిన ధ్వన్యనుకరణాలు వారి పుణ్యమా అని మనకు మిగిలాయి. కానీ కడుపు నకనకలాడడం గురించి, పోపు చుయ్‌మనడం గురించి ప్రబంధ కవికి రాయవలసిన అవసరం ఎంతని వస్తుంది? ఇవి నోటిలో పుట్టి నోటిలో బతికే మాటలు. అంతకుముందే, 1852లో, బ్రౌను తన నిఘంటువులో వ్యవహారంలోని మాటలకు కొంత చోటిచ్చాడు. 1991లో వచ్చిన గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక వాడుకనే లక్ష్యంగా పెట్టుకుంది. కానీ తెలుగు నుంచి ఇంగ్లీషుకు చేసే నిఘంటువులకు ఇంకో చిక్కుంది. ఎదురుగా పెట్టడానికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకాలి. నకనకకు, చిమచిమకు అలాంటి మాట దొరకదు.

మూడోది క్రియ. ఇది అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ మాటలు ఒంటరిగా నిలబడవు. పెళ్ళివారితో ఇల్లు కళకళలాడుతుంది. వాళ్ళు వెళ్ళిపోయాక వెలవెలబోతుంది. రెండూ ఎదురెదురు మాటలే. కానీ ఇవాళ్టి వాడుకలో ఇల్లు ‘వెలవెలలాడింది’ అని ఎవరూ అనరు, ‘కళకళబోయింది’ అని అంతకంటే అనరు. ఒకదానికి ‘ఆడు’, ఒకదానికి ‘పోవు’. జెండా రెపరెపలాడుతుంది. చలికి గజగజా వణుకుతాం. అదే వణుకును భయంతో అయితే గడగడా అని కూడా అంటాం. ఆ గడగడే మంచినీళ్ళు తాగడానికీ వస్తుంది, పద్యం తడుముకోకుండా ఒప్పజెప్పడానికీ వస్తుంది. నిఘంటువులో ‘గడగడ’ అని ఒంటి మాట ఇచ్చి, పక్కన విశేష్యమనో అవ్యయమనో సంకేతం పెట్టి ఊరుకుంటే, వాడదలచుకున్నవారికి చేతికి ఏమీ రాదు. ఏ క్రియతో, ఎవరి గురించి, ఏ సందర్భంలో అన్నదే దాని అర్థం. దాన్ని తీసేస్తే మిగిలేది అక్షరాలే.

ఇక ప్రతిధ్వని పదాల సంగతి. ఇక్కడ కథ తలకిందులవుతుంది. చప్పుడు మాటలను నిఘంటువు సరిగా ఎక్కించుకోలేకపోతే, వీటిని అసలు ఎక్కించుకోవడమే కుదరదు.

నియమం చిన్నది. మాటలోని మొదటి అక్షరాన్ని తీసి, అది హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ పెట్టాలి. పులి గిలి, అన్నం గిన్నం, పుస్తకం గిస్తకం. పాలు గీలు, కోడి గీడి, ఊరు గీరు. మొదట్లో సంయుక్తాక్షరం ఉంటే అది మొత్తం పోతుంది, స్టేషను గీషను అంటాం. విభక్తులు, బహువచనాలు రెండు సగాలకూ రావాలి, పుస్తకాల్లో గిస్తకాల్లో ఎక్కడైనా చదివావా అంటాం. క్రియలకూ ఇదే పద్ధతి: తిన్నావా గిన్నావా, వస్తే గిస్తే. నిన్నగాక మొన్న వచ్చిన మాటలను కూడా ఈ నియమం వదిలిపెట్టదు. వీసా గీసా, ఓటీపీ గీటీపీ. బడికి వెళ్ళని పిల్లలు కూడా పొరపాటు లేకుండా చేస్తారు.

ఒక్కచోట మాత్రం నియమం ఆగిపోతుంది. మాట ‘గి’తోనే మొదలైతే? గిన్నెకు ప్రతిధ్వని గిన్నే అవుతుంది. అప్పుడు తెలుగువాళ్ళు వేరే దారి పడతారు. కోస్తాలో అయితే గిన్నెలు గట్రా అంటారు, లేదా గిన్నెలూ అవీ అంటారు. తెలంగాణలో ఇలాంటి పనికి ‘గిట్ల’, ‘గిట’ అనే మాటలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి. చాయ్ గిట్ల తాగుతవా, ఫోన్ గిట వస్తే చెప్పు అంటారు. ఏ మాటకైనా అది అతుకుతుంది.

మన పొరుగువారు కూడా ఇదే పని చేస్తారు. తమిళులూ కన్నడిగులూ మనలాగే ‘గి’ వరసనే వాడతారు. హిందీలో వకారం వస్తుంది, చాయ్ వాయ్ అంటారు. బెంగాలీలో టకారం వస్తుంది. అమెరికా భాషావేత్త ఎం.బి. ఎమెనో నీలగిరి కొండల్లోని తోడ భాషలో ఈ పదాలను పరిశీలించి 1938లో రాశాడు. 1956లో భారతదేశమంతా ఒక భాషాప్రాంతమని వాదించినప్పుడు, వేర్వేరు కుటుంబాల భాషలు పంచుకున్న లక్షణాల్లో దీన్నీ చూపించాడు. చప్పుడు మాటల గురించి 1969లో విడిగా ఇంకో వ్యాసం రాశాడు.

ఇప్పుడు నిఘంటువుకు వచ్చే చిక్కేమిటో చూడండి. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడు తాతగారి ఉత్తరంలో ‘ఇల్లూ గిల్లూ అమ్మేది లేదు’ అన్న వాక్యం చదివాడనుకుందాం. గిల్లు అంటే ఏమిటని నిఘంటువు తెరుస్తాడు. దొరుకుతుంది. గోళ్ళతో గిల్లడం. చీరా గీరా అని ఉంటే గీర అంటే గర్వం. నీరూ గీరూ అని ఉంటే గీరడం. పులీ గిలీ అని ఉంటే గిలిగింత పెట్టే గిలి. దొరకని మాట కంటే తప్పుగా దొరికిన మాట ఎక్కువ నష్టం చేస్తుంది. దొరకకపోతే ఎవరినైనా అడిగేవాడు, దొరికింది కాబట్టి అడగడు.

గిల్లు, గీర, గీరు అన్న మాటల కింద ‘ఇది ప్రతిధ్వని కూడా కావచ్చు’ అని రాసుకుంటూ పోలేం. తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్ని ప్రతిధ్వనులు ఉంటాయి. చేయవలసింది ఒక్కటే. ‘గి, గీ’ అనే దాన్నే ఒక ఆరోపంగా ఎక్కించి, దాని కింద నియమాన్ని, అది ఆగిపోయే చోటును, అర్థాలను ఇవ్వాలి. అర్థాలంటున్నాను, ఒక్క అర్థం కాదు. ‘కాఫీ గీఫీ తీసుకుంటారా’ అన్నప్పుడు, కాఫీ కాకపోతే మజ్జిగ, నిమ్మరసం, ఏదైనా సరే అన్న ఆదరణ ఉంది. ‘వాడు వస్తే గిస్తే’ అన్నప్పుడు రాడులే అన్న అనుమానం ఉంది. ‘పనీ లేదు గినీ లేదు’ అన్నప్పుడు తీసిపారేయడం ఉంది. అందుకే ఎదుటి మనిషి గౌరవించే వాటి మీద ఈ ప్రయోగం చేయకూడదు. ‘మీ గురువుగారూ గిరువుగారూ’ అని చూడండి, మర్యాద పదం రెండుసార్లు పలికినా అది అవమానమే. ఈ హెచ్చరిక కూడా నిఘంటువులో ఉండవలసిందే.

రాయీ రప్పా, చెట్టూ చేమా, గొడ్డూ గోదా, నగా నట్రా, పిల్లా జెల్లా, ఇవి వేరు. ఇవి నియమంతో పుట్టినవి కావు. తరతరాల వాడుకలో గట్టిపడిన జంటలు. వీటిని ఒక్కొక్కటిగా ఎక్కించవచ్చు, ఎక్కించాలి కూడా.

మంచి ఆరోపం ఎలా ఉండాలో, మొదట చెప్పిన భగభగనే తీసుకుని చెప్పి చూపిస్తాను. ‘భగభగ: మంట పెద్దగా, ఆగకుండా మండడాన్ని తెలిపే మాట. మండు అనే క్రియతో ఎక్కువగా వస్తుంది. పొయ్యి భగభగా మండుతోంది. ఎండకు, కడుపులో మంటకు, చాలాకాలం దిగని ధరలకు కూడా వాడతారు. మంట ఒక్కసారిగా అంటుకుంటే భగ్గున, భగ్గుమను. పాతకక్షలు మళ్ళీ భగ్గుమన్నాయి. కోపానికి రెండు రూపాలూ వస్తాయి: విన్న వెంటనే అయితే భగ్గుమన్నాడు, లోపల పెట్టుకుని ఉంటే భగభగా మండిపోతున్నాడు. ఒత్తు లేకుండా బగబగ, బగ్గున అని పలికేవారూ ఉన్నారు.’ ఇంతే. ఏడెనిమిది వాక్యాలు. ఇందులో కుటుంబం ఒకచోట ఉంది, క్రియ ఉంది, ఎవరికి ఎప్పుడు వాడాలో ఉంది. ‘బగ్గు’ కోసం బకారంలో వెతికినవారికి ‘భగభగ చూడు’ అని ఒక్క మాట పెడితే చాలు.

ఇలాంటివి రాయడానికి కావ్యాలు చాలవు, మనుషుల్ని అడగాలి. తెలుగులో అలా అడిగిన సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి కోసం జిల్లా జిల్లాకూ వెళ్ళి రైతులను అడిగి వ్యవసాయపు మాటలు సేకరించారు. ఆ తరవాత చేనేత మాటలు సేకరించారు. చప్పుడు మాటలకు అలాంటి సేకరణ జరగాలి. ఈ పని వృత్తి పదాల కంటే కష్టం. ‘నాగలిలో ఈ భాగాన్ని ఏమంటారు’ అని వేలుపెట్టి చూపించి అడగవచ్చు. ‘ముసిముసి అంటే ఏమిటి’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు, నవ్వి చూపిస్తారు. అందుకని మాట అడగకూడదు, సంగతి చెప్పించుకోవాలి. వాన ఎలా మొదలైంది, కుండ ఎలా పగిలింది, నొప్పి ఎలా ఉంది అని అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి.

ఈ ప్రసంగం వింటున్న మీకు ఒక విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుండగా ఇలాంటి మాట మీకు తెలియనిది ఏదైనా వినిపిస్తే అక్కడికక్కడే రాసిపెట్టండి. ఒంటి మాట రాయకండి, వాళ్ళన్న వాక్యం మొత్తం రాయండి. ఎవరన్నారు, దేని గురించి అన్నారు, ఏ ఊరు, ఒత్తి పలికారా మామూలుగా పలికారా అన్నది పక్కన రాయండి. అలా రాసినవి మీ ఊరి తెలుగు మాస్టారికో, దగ్గరలోని విశ్వవిద్యాలయం తెలుగు శాఖకో అందించండి. మీ అమ్మమ్మ కాలినొప్పిని ఏ మాటతో చెబుతుందో, దానితో మొదలుపెట్టండి.